పైన ఎరుపు, లోపల పచ్చి: ఇఫ్తార్ పకోడీకి నూనె ఎంత కాగాలి?

రంజాన్ నెలలో అసర్ నమాజ్ అయ్యిందంటే చాలు, ఇంటింటా కడాయి పొయ్యి మీదికెక్కుతుంది. ఖర్జూరాలు, కోసిన పండ్లు, ఉడికించిన చనా ముందే సర్దిపెట్టుకోవచ్చు. పకోడీతోనే చిక్కు. ముందుగా వేయిస్తే మెత్తబడిపోతుంది, ఆలస్యం చేస్తే అజాన్ అయిపోతుంది. దాంతో చివరి పదిహేను నిమిషాల్లో మంట పెద్దది చేసి, కడాయి నిండా పిండి వేసి గబగబా తీసేస్తారు. చూడ్డానికి ఎర్రగా భలే ఉంటాయి. తీరా దస్తర్‌ఖాన్ మీద ఒకటి విరిస్తే లోపల జిగటగా పచ్చి శనగపిండి. "అమ్మీ, ఇది కచ్చాగానే ఉంది" అని పిల్లలు పక్కన పెట్టేస్తారు.

మామూలు రోజుల్లో అయితే మొదటి వాయి నుంచి ఒకటి తీసి కొరికి చూస్తే సరిపోతుంది. రోజాలో ఉన్న మనిషికి ఆ వీలు లేదు. ఉప్పు ఎక్కువైందో లేదో తర్వాతి సంగతి, అసలు లోపల ఉడికిందా లేదా అన్నది నోటితో కాకుండా కంటితో, చెవితో తేల్చుకోవాలి. అది తెలియాలంటే నూనెలో పడ్డాక పకోడీకి ఏం జరుగుతుందో ఒకసారి చూడాలి.

పకోడీ లోపల ఏం జరుగుతుంది?

పిండి నూనెలో పడగానే చుయ్‌మని శబ్దం, చుట్టూ బుడగలు వస్తాయి. ఆ బుడగలు నూనె మరగడం వల్ల వచ్చేవి కావు. పిండిలోనూ ఉల్లిపాయలోనూ ఉన్న నీరు ఆవిరై బయటికొస్తుంటే వచ్చేవి. నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది కదా. అందుకని చుట్టూ నూనె 175 డిగ్రీల్లో ఉన్నా, తడి ఉన్నంతసేపు పకోడీ లోపలి భాగం 100 డిగ్రీలు దాటదు. పైపొర మాత్రం నీరంతా పోయి ఎండిపోతుంది. ఎండాక అక్కడ వేడి పెరిగి, అప్పుడే ఎరుపు రంగు, కరకర, ఆ వేపుడు వాసన వస్తాయి.

అంటే ఒకే కడాయిలో రెండు పనులు జరుగుతున్నాయి. పైన ఎండడం, లోపల ఉడకడం. నూనె వేడి ఎంత ఎక్కువగా ఉంటే పై పని అంత వేగంగా అవుతుంది. లోపలి పని మాత్రం నూనె వేడి పెంచినంత మాత్రాన అంత వేగం అందుకోదు, ఎందుకంటే వేడి పిండిలోంచి నెమ్మదిగా పాకుతూ లోపలికి వెళ్లాలి. నూనె 200 డిగ్రీల్లో ఉంటే ఒకటిన్నర నిమిషంలోనే పైపొర ముదురు రంగుకు వచ్చేస్తుంది. మధ్యలోని పిండికి ఆ సమయం చాలదు. పచ్చి పకోడీ పుట్టేది ఇక్కడే.

నూనె చల్లగా ఉంటే ఇంకో రకం నష్టం. 140 డిగ్రీల దగ్గర పైపొర త్వరగా గట్టిపడదు. లోపలి నుంచి వచ్చే ఆవిరి కూడా నీరసంగా ఉంటుంది. పకోడీ చాలాసేపు నూనెలోనే తేలుతుంది, రంగు రాదు, తీసి పట్టుకుంటే వేళ్లకు నూనె కారుతుంది. లోపల ఉడుకుతుంది గానీ తినబుద్ధి కాదు.

ఈ రెండింటి మధ్య ఉన్న చోటు 170 నుంచి 180 డిగ్రీలు. ఉసిరికాయంత, అంటే 3 సెంటీమీటర్ల లావు ఉన్న ఉల్లి పకోడీకి ఈ వేడిలో 4 నుంచి 5 నిమిషాలు పడుతుంది. ఆ సమయానికి పైపొర బంగారు రంగు దాటి ఎరుపులోకి వస్తుంది, లోపల పిండి ఉడికి గుల్లబారుతుంది.

ఇక్కడ లావు సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది మంటను తిడతారు గానీ తప్పు చేతి దగ్గరే జరుగుతుంది. పకోడీ లావు రెండింతలైతే ఉడికే సమయం రెండింతలు అవుతుందని అనిపిస్తుంది. కాదు, దాదాపు నాలుగింతలు అవుతుంది. రేగిపండంత పకోడీ 2 నిమిషాల్లో ఉడికితే, నిమ్మకాయంత ముద్దకు 8 నిమిషాలు కావాలి. 175 డిగ్రీల నూనెలో 8 నిమిషాలు ఉంచితే పైన మాడిపోతుంది. కాబట్టి నిమ్మకాయంత ముద్దకు "సరైన వేడి" అంటూ ఏదీ లేదు, దాన్ని చిన్నది చేసుకోవడమే దారి. ఇంకో మాట: ఒకే వాయిలో ఒకటి రేగిపండంత, ఇంకొకటి నిమ్మకాయంత వేస్తే ఏ మంటా రెండింటినీ కాపాడలేదు. హడావిడిలో చేతి నిండా పిండి తీసి వదిలేయడం వల్ల వచ్చే తంటా ఇదే.

థర్మామీటర్ లేకుండా ఎలా చూడాలి?

వంటకు వాడే పొడవాటి పుల్ల లాంటి డిజిటల్ థర్మామీటర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి. 200 డిగ్రీలు దాటి చూపించేదై ఉండాలి, జ్వరం చూసేది పనికిరాదు. పుల్ల కొన నూనె మధ్యలో ఉండాలి. కడాయి అడుగుకు తగిలితే లోహం వేడిని చూపిస్తుంది, నూనెది కాదు. తుపాకీలా పట్టుకుని దూరం నుంచి చూసే థర్మామీటర్ అయితే పై మట్టం వేడినే చెబుతుంది, కాబట్టి ముందు గరిటెతో ఒకసారి కలిపి చూడాలి.

అది లేని ఇంట్లో పిండి చుక్కే థర్మామీటర్. బఠాణీ గింజంత పిండి నూనెలో వదలండి. అడుగుకు వెళ్లి అక్కడే కూర్చుని, నిదానంగా నాలుగైదు బుడగలు వదులుతూ లేస్తే నూనె ఇంకా కాగలేదు. అడుగుదాకా వెళ్లి, రెండు మూడు సెకన్లలో చుట్టూ సన్న బుడగలతో పైకి లేచి, రంగు మారకుండా తేలుతుంటే పకోడీకి సరిపోయే వేడి అదే. అసలు మునగకుండా పైనే గింగిరాలు తిరుగుతూ పది సెకన్లలోపే ఎర్రబడితే నూనె మితిమీరి కాగింది. స్టవ్ కట్టేసి ఒకటి రెండు నిమిషాలు ఆగి, మళ్లీ చుక్క వేసి చూడాలి.

చెక్క గరిటె ఉంటే దాని తడిలేని కాడను నూనెలో నిలబెట్టినా తెలుస్తుంది. కాడ చుట్టూ సన్న బుడగలు ఆగకుండా వస్తుంటే వేయవచ్చు. కొంతమంది నీళ్లు చిలకరించి చూస్తారు. అది పరీక్ష కాదు, ప్రమాదం. నీటి చుక్క నూనెలో మునిగి ఒక్కసారిగా ఆవిరై, కాగిన నూనెను ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. పొగ వచ్చేదాకా కాచడం కూడా తప్పే. రిఫైన్డ్ పల్లీ నూనె, పొద్దుతిరుగుడు నూనె పొగ రావడం మొదలయ్యేసరికి 200 డిగ్రీలు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. గానుగ నూనె అయితే అంతకంటే తక్కువ వేడికే పొగ వస్తుంది. ఏ నూనె అయినా పొగ కనిపించిందంటే పకోడీ వేళ దాటిపోయిందనే అర్థం.

మొదటి వాయి బాగుండి, రెండోది ఎందుకు పాడవుతుంది?

నిజానికి అన్నిటికంటే ఎక్కువ పకోడీలు పాడయ్యేది ఈ ఒక్క విషయం తెలియకే. నూనె కాగింది, చుక్క పరీక్ష కూడా అయ్యింది. అంతా సరిగ్గానే ఉంది. అప్పుడు కడాయిలో పిండి వేస్తారు. ఆ పిండి ఇంటి వేడిలో, అంటే 30 డిగ్రీల దగ్గర ఉంది. దాన్ని 100 డిగ్రీలకు తీసుకెళ్లడానికి, పైనున్న నీటిని ఆవిరి చేయడానికి కావలసిన వేడంతా నూనె నుంచే పోవాలి. లీటరు నూనెలో ఒకేసారి పావుకిలో పిండి వేస్తే, కింద మంట ఉన్నా సరే, నూనె 20 నుంచి 30 డిగ్రీలు తేలిగ్గా పడిపోతుంది. 175 ఉన్నది 150కి వచ్చేస్తుంది. పకోడీలకు ఆ సమయంలో చుట్టూ ఉన్నది మీరు కాచిన నూనె కాదు, అంతకంటే చల్లని నూనె.

ఇది చెవికి తెలుస్తుంది. పిండి వేసినప్పుడు చుయ్‌మని గట్టిగా వచ్చిన శబ్దం అర నిమిషంలోనే గుసగుసలోకి పడిపోతే నూనె చల్లబడిందని అర్థం. సరైన వేడిలో ఆ శబ్దం ఒకటి రెండు నిమిషాలు బలంగానే ఉండి, తర్వాత పకోడీలో నీరు తగ్గే కొద్దీ మెల్లగా సన్నబడుతుంది.

నూనె చల్లబడిందని తెలియగానే చాలామంది మంట పూర్తిగా పెంచి, అలాగే వదిలేస్తారు. నూనె ఆలస్యంగా వేడెక్కుతుంది. మొదటి వాయి తీసేసరికి పిండి పీల్చే వేడి ఆగిపోయి, నూనె ఒక్కసారిగా 190, 200కు పరుగెత్తుతుంది. సరిగ్గా అప్పుడే రెండో వాయి పడుతుంది. అందుకే చాలా ఇళ్లలో మొదటి వాయి నూనె పీల్చి, రెండోది పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ఒకే పిండి, ఒకే నూనె, ఒకే చెయ్యి!

చేయాల్సింది ఏమిటంటే, వేసే ముందు నూనెను 180 దాకా, అంటే కావలసిన దానికంటే కాస్త పైకి తేవాలి. పిండి వేసిన వెంటనే మంట కొంచెం పెంచి, ఒక నిమిషం తర్వాత మధ్య మంటకు తేవాలి. వాయి తీసే ముందు మంట ఇంకాస్త తగ్గించాలి. తర్వాతి వాయికి ముందు మళ్లీ పిండి చుక్క వేసి చూడాలి. లీటరు నూనెకు ఒక్కో వాయిలో 12 పకోడీలు మించకపోతే మంచిది. పైన చూస్తే నూనె సగం కనిపిస్తూ ఉండాలి. కడాయిలో ఖాళీ కనిపిస్తే "ఇంకో నాలుగు పడతాయిలే" అనిపిస్తుంది, ఆ నాలుగే మొత్తం వాయిని ముంచుతాయి.

మందపాటి ఇనుప కడాయి వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఈ ఎగుడుదిగుళ్లు తక్కువ. పల్చటి అల్యూమినియం మూకుడులో ఎక్కువ. గల్ఫ్‌లో గదుల్లో ఉండేవాళ్లు కాయిల్ స్టవ్ మీద వేయిస్తే ఇంకా జాగ్రత్త కావాలి. మంట పెంచినా కాయిల్ ఎర్రబడటానికి సమయం పడుతుంది, తగ్గించినా చల్లారడానికి అంతే సమయం. అక్కడ వాయికి ఏడెనిమిది పకోడీలతో సరిపెట్టుకుని, వాయికీ వాయికీ మధ్య రెండు నిమిషాలు ఎక్కువ ఆగడమే నయం.

రంగును నమ్మవచ్చా?

కొంతవరకే. ఉల్లిపాయలో సహజంగా చక్కెర ఉంటుంది, అది త్వరగా ఎర్రబడుతుంది. పిండిలో కారం, పసుపు ఎక్కువ వేస్తే పచ్చి పిండే ఎర్రగా కనిపిస్తుంది. వంటసోడా అయితే రెండు విధాలా మోసం చేస్తుంది. ఒకటి, అది రంగును తొందరగా ముదురు చేస్తుంది. రెండు, పిండిని ఎక్కువగా గుల్ల చేసి నూనె పీల్చేలా చేస్తుంది. పావుకిలో శనగపిండికి చిటికెడు దాటకూడదు, ఉల్లి పకోడీకైతే అది కూడా అక్కర్లేదు. రెండు చెంచాల కాగిన నూనె పిండిలో వేసి కలపడం, గుప్పెడు బియ్యప్పిండి కలపడం మన ఇళ్లలో పాత పద్ధతి. కరకరకు అదే చాలు.

రంగు కంటే బుడగలు నిజం చెబుతాయి. మొదట పెద్ద పెద్ద బుడగలు, కడాయి అంతా నురగలా ఉంటుంది. పకోడీలో నీరు తగ్గే కొద్దీ బుడగలు చిన్నవై, పలచబడతాయి. రంగు వచ్చేసింది గానీ బుడగలు ఇంకా జోరుగానే ఉన్నాయంటే లోపల తడి ఉంది, నూనె మరీ వేడిగా ఉంది. అప్పుడు మంట తగ్గించి ఇంకో నిమిషం ఉంచాలి. జల్లిగంటెతో కదిపినప్పుడు పకోడీలు ఒకదానికొకటి తగిలి గలగలమంటే పైపొర ఎండింది. మొదటి వాయిలో అన్నిటికంటే లావుగా ఉన్నదాన్ని ఒకదాన్ని తీసి విరిచి చూడండి. పచ్చిదైతే మధ్యలో మెరుస్తూ, వేలికి అంటుకుంటూ, పచ్చి శనగపిండి వాసన వస్తుంది. ఉడికినదైతే మెరుపు పోయి, రొట్టెలా గుల్లగా ఉండి, వేలికి అంటదు. కొరకాల్సిన పని లేదు. లావైనది ఉడికిందంటే మిగతావి ఉడికినట్టే.

అజాన్‌కు వేడివేడిగా అందాలంటే: రెండుసార్లు వేయించడం

ఇక సమయం సంగతి. ఎనిమిది మంది ఉన్న ఇల్లు అనుకుందాం, మగ్‌రిబ్ అజాన్ 6:30కి. అరకిలో ఉల్లిపాయలు, పావుకిలో శనగపిండి, 50 గ్రాముల బియ్యప్పిండి, పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర, వాము, ఉప్పు, కారం. ఉల్లిపాయలకు ఉప్పు పట్టించి పది నిమిషాలు ఉంచితే అవే నీరు వదులుతాయి. తర్వాత పిండి కలిపి, అవసరమైతేనే నీళ్లు చిలకరించాలి. పిండి జారుగా ఉంటే అందులోని నీరంతా నూనె వేడితోనే పోవాలి కదా, పకోడీ ఎర్రబడటం ఆలస్యమై మెత్తగా వస్తుంది. ఈ కొలతకు దాదాపు 60 పకోడీలు వస్తాయి. వాయికి 12 చొప్పున 5 వాయిలు.

ఒకేసారి పూర్తిగా వేయిస్తే ఒక్కో వాయికి 4 నుంచి 5 నిమిషాలు, మధ్యలో నూనె మళ్లీ కాగడానికి నిమిషంన్నర. మొత్తం అరగంట. చివరి వాయి వచ్చేసరికి మొదటిది పాతికా నిమిషాలు పళ్లెంలో ఉండి చల్లారి మెత్తబడుతుంది. ఈ లెక్కతోనే చాలామంది కడాయి నిండా వేసి తొందరపడతారు.

మిఠాయి దుకాణాల్లో, హోటళ్లలో పనివాళ్లకు తెలిసిన కిటుకు వేరు. ఒకసారి ఉడకడానికి, ఇంకోసారి కరకరకు. ఇంట్లోనూ ఇది తేలిక. 5:30కి మధ్య మంట మీద లీటరు నూనె పెట్టాలి. ఏడెనిమిది నిమిషాల్లో కాగుతుంది. మొదటి విడతకు 160 నుంచి 165 డిగ్రీలు చాలు. చుక్క పరీక్షలో పిండి నాలుగైదు సెకన్లకు పైకి లేవాలి. ఒక్కో వాయి 3 నిమిషాల పైన, నాలుగు లోపు. పైన లేత పసుపు రంగు వచ్చి, పట్టుకుంటే గట్టిపడి, లోపల పిండి ముద్ద కుదుటపడాలి. ఎర్రబడనివ్వకూడదు. ఐదు వాయిలూ 6:05కల్లా అయిపోతాయి. వాటిని ఒకదాని మీద ఒకటి కుప్పగా కాకుండా విడివిడిగా జాలీ మీదో, చిల్లుల పళ్లెంలోనో పరచాలి. మూత పెట్టకూడదు. స్టవ్ కట్టేసి ఈలోపు షర్బత్ కలుపుకోవచ్చు, దస్తర్‌ఖాన్ పరచుకోవచ్చు.

అలా ఆరబెట్టిన సమయంలో లోపల మిగిలిన వేడి మధ్యలోని పిండిని ఉడికిస్తూనే ఉంటుంది. లోపలి తడి కొంత పైపొరలోకి వస్తుంది, అందుకే పట్టుకుంటే మెత్తబడినట్టు అనిపిస్తుంది. కంగారు అక్కర్లేదు. 6:15కు మళ్లీ స్టవ్ వెలిగించి, ఈసారి నూనెను 180 నుంచి 185 డిగ్రీలకు తేవాలి. చుక్క వేయగానే వెంటనే లేవాలి, అయినా క్షణాల్లో మాడకూడదు. 6:21 నుంచి రెండో విడత. వీటిలో నీరు చాలావరకు పోయింది, పైగా పచ్చి పిండి అంత చల్లగా లేవు, కాబట్టి నూనె అంతగా చల్లబడదు. అందుకే వాయికి 20 దాకా వేయవచ్చు. ఒక్క నిమిషం, మహా అయితే నిమిషంన్నర. పైపొరలోకి వచ్చిన తడి ఈ వేడికి ఎగిరిపోయి, ఎరుపు, కరకర ఒకేసారి వస్తాయి. మూడు వాయిలు, 6:28కి పని అయిపోతుంది. మొదటి వాయి కూడా ఇంకా వేడిగానే ఉంటుంది.

రెండుసార్లు వేయిస్తే నూనె రెండింతలు పీలుస్తుందనే భయం చాలామందికి ఉంటుంది. పకోడీలోకి ఎక్కువ నూనె వెళ్లేది వేగుతున్నప్పుడు కాదు, బయటికి తీశాక. వేగుతున్నంతసేపు ఆవిరి బయటికి తోస్తూ ఉంటుంది, నూనెకు లోపలికి దారి దొరకదు. తీసిన తర్వాత లోపలి ఆవిరి చల్లబడి కుంచించుకుపోతే, ఆ ఖాళీలోకి పైన అంటుకున్న నూనె లోపలికి పీల్చబడుతుంది. అందుకే తీసిన మొదటి అర నిమిషం ముఖ్యం. జల్లిగంటెలోనే కడాయి మీద పట్టుకుని రెండు మూడుసార్లు గట్టిగా విదిలించి, ఆ తర్వాతే జాలీ మీద వేయాలి. కింద పత్రిక కాగితం పరిచే అలవాటు మానుకోవాలి. అచ్చు సిరాలోని రసాయనాలు వేడి నూనెతో తిండిలోకి చేరతాయని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చాలాసార్లు హెచ్చరించింది. మామూలు టిష్యూ పేపర్ లేదా జాలీ చాలు. హాట్‌బాక్సులో పెట్టి మూత బిగిస్తే మాత్రం ఇంత కష్టం వృథా, ఆవిరి లోపలే తిరిగి ఐదు నిమిషాల్లో అన్నీ మెత్తబడతాయి. మసీదుకు పంపేటప్పుడు కూడా డబ్బా మూత కొంచెం తెరిచి పెట్టడం మేలు.

ఆలూ, మిర్చి, చికెన్

అన్నిటికీ ఒకే లెక్క పనిచేయదు. ఆలూ పకోడీలో ఉడకాల్సింది పిండి కాదు, ఆలుగడ్డ. ముక్క 3 మిల్లీమీటర్లు మించకుండా పల్చగా కోసి, 170 దగ్గర 3 నుంచి 4 నిమిషాలు వేయించాలి. లావుగా కోస్తే పిండి ఎర్రబడినా ఆలుగడ్డ పచ్చిగా కరకరమంటుంది. పాలకూర ఆకుకు పెద్దగా ఉడికే పని లేదు, 180 దగ్గర రెండు నిమిషాలే. బజ్జీ మిర్చి లోపల బోలుగా ఉంటుంది కాబట్టి గాటు పెట్టకుండా వేస్తే లోపలి ఆవిరి బిగుసుకుని పేలవచ్చు. గాటు తప్పనిసరి.

చికెన్ పకోడీలో పచ్చి మిగిలితే రుచి మాత్రమే కాదు, కడుపు కూడా పాడవుతుంది. మాంసం మధ్యలో 74 డిగ్రీలు చేరాలి. అందుకని ఎముక లేని ముక్కలు 2 సెంటీమీటర్లకు మించకుండా కోయాలి. ఫ్రిజ్‌లోంచి తీసినవి నేరుగా నూనెలో వేస్తే నూనె ఇంకా ఎక్కువ చల్లబడుతుంది, మధ్య భాగానికి వేడి అందడం మరీ ఆలస్యమవుతుంది. పదిహేను ఇరవై నిమిషాల ముందు బయట పెట్టి, 165 డిగ్రీల దగ్గర 5 నుంచి 6 నిమిషాలు వేయించాలి. వాయిలో అన్నిటికంటే పెద్ద ముక్కను కోసి చూస్తే గులాబీ రంగు కనిపించకూడదు, కారే నీరు తేటగా ఉండాలి. థర్మామీటర్ ఉంటే ఆ పెద్ద ముక్క మధ్యలోకే గుచ్చి చూడాలి, రంగు కంటే అదే నమ్మకం. రెండుసార్లు వేయించే పద్ధతి దీనికీ పనికొస్తుంది. కానీ మొదటి విడతలోనే పూర్తిగా ఉడకాలి. సగం ఉడికిన చికెన్‌ను గంటసేపు బయట ఉంచి తర్వాత వేయిద్దామనుకోవడం ప్రమాదం. ఉల్లి పకోడీకి చెల్లేది దీనికి చెల్లదు. ఎముకతో ఉన్న ముక్కలైతే ముందుగా కాస్త ఉడికించి, నీరు ఇగిరాక పిండి పట్టించి వెంటనే వేయించడమే సులువు.

అదే నూనె రేపటికి?

ముప్పై రోజుల నెల. రోజూ లీటరు నూనె పారబోయడం ఎవరి వల్లా కాదు. అయితే వాడిన నూనె కొత్త నూనెలా ప్రవర్తించదు. అందులో మిగిలిన పిండి రేణువులు మళ్లీ కాచినప్పుడు నల్లగా మాడి, కొత్త పకోడీలకు అంటుకుని చేదు ఇస్తాయి. నూనె కూడా విరిగి, పొగ వచ్చే వేడి రోజురోజుకూ కిందికి దిగుతుంది. మొదటి రోజు 180 దగ్గర హాయిగా ఉన్న నూనె నాలుగో వాడకంలో అదే వేడికి పొగలు కక్కవచ్చు. అప్పుడు మంట తగ్గించి వేయిస్తారు, పకోడీలు నూనె పీలుస్తాయి, తప్పు పిండి మీదికి పోతుంది.

వేయించడం అవగానే నూనె చల్లారనిచ్చి, పల్చటి బట్టలో వడకట్టి, వెలుతురు తగలని చోట మూతపెట్టి ఉంచితే మరో ఒకటి రెండుసార్లు వాడవచ్చు. చికెన్ వేయించిన నూనెను విడిగా పెట్టుకోవాలి. నూనె ముదురు గోధుమ రంగుకు తిరిగి చిక్కబడినా, పిండి వేయకముందే నురగ కట్టినా, మామూలు వేడికే పొగ వచ్చినా దాన్ని ఇక వాడకూడదు. సింకులో పోస్తే పైపు మూసుకుపోతుంది. చల్లారాక ఖాళీ సీసాలో పోసి, మూత బిగించి చెత్తలో వేయాలి.

కడాయిని ఎప్పుడూ సగానికి మించి నూనెతో నింపకూడదు, అజాన్ వినిపించగానే స్టవ్ అలాగే వదిలి దస్తర్‌ఖాన్ దగ్గరికి వెళ్లకూడదు. ఎవరూ చూడని కడాయిలో నూనె కొన్ని నిమిషాల్లోనే పొగ దాటి మంట అందుకోగలదు. ఒకవేళ అంటుకుంటే నీళ్లు పోయకుండా, స్టవ్ కట్టేసి, పెద్ద మూతతో కడాయిని పూర్తిగా కప్పి, చల్లారేదాకా మూత తీయకుండా ఉంచాలి.